మూడో తీత ఇయ్యను

మా చిన్నాయన నోట ఆ మాట 2023 ఫిబ్రవరిలో వచ్చింది. "రొండు తీతలు పోసినా. ఒక్క రూపాయి రాలేదు. మూడో తీత ఇయ్యను, ఏం జేసుకుంటారో చేసుకోనీ." గండికోట లోయ దాటి పెన్న మైలవరం జలాశయంలో ఆగుతుంది కదా, ఆ కాలువ కింద ఆయనకు ఒక ఎకరా ఉంది. డీ పట్టా భూమి. మాదిగవాడలో కాలువ నీళ్ళు పారే భూమి ఉన్నవాళ్ళు నలుగురైదుగురు. వాళ్ళలో ఆయనొకడు. ఆ ఏడాది దాంట్లో విత్తనపత్తి వేశాడు.

కోపంతో "ఇయ్యను" అనడం వేరు, ఒప్పందాన్ని రద్దు చేయడం వేరు. ఈ రెంటి మధ్య తేడా తెలియకపోతే, డబ్బు ఎగ్గొట్టినవాడు పెద్దమనిషిగానూ సరుకు ఆపినవాడు మాట తప్పినవాడుగానూ కాగితాల మీద మిగులుతారు. కాంట్రాక్టు సేద్యం మీద సెమినార్లలో చాలా విన్నాం. అందులోంచి రైతు బయటికి ఎట్లా రావాలో చెప్పినవాళ్ళు తక్కువ. అందుకని ఈసారి ఆ ఒక్క ఎకరా గురించే రాస్తున్నాను.

ముందు పంట సంగతి. విత్తనపత్తిలో కంపెనీ ఆడ వరసలకు, మగ వరసలకు వేరువేరుగా మూలవిత్తనం ఇస్తుంది. రేపు విచ్చబోయే మొగ్గల్ని ఈ రోజు సాయంత్రమే బొటనగోటితో ఒలిచి పుప్పొడి తీసేయాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి ఆ కీలం మీద రుద్దాలి. రెండు మూడు నెలలు రోజూ ఇదే పని. దీన్ని క్రాసింగ్ అంటారు. చేసేది ఎక్కువగా ఆడపిల్లలు, అందులోనూ మన వాడల పిల్లలు. దావులూరి వెంకటేశ్వర్లు ఏళ్ళ తరబడి ఆంధ్ర విత్తనపత్తి చేలల్లో బాలికల చాకిరీ మీద పరిశోధన చేశారు. లూసియా డా కోర్టాతో కలిసి 2005లో రాసిన నివేదికలో ఆయన ఒక సూటి ప్రశ్న వేశారు: కంపెనీ రైతుకిచ్చే ధరలో పెద్దవాళ్ళ కూలి గిట్టుతుందా? గిట్టదు, అందుకే పిల్లలు వస్తున్నారు అన్నది వాళ్ళు తేల్చిన విషయం. కాబట్టి విత్తనం ధరలో ఒక్క రూపాయి కోత పడితే అది రైతు దగ్గర ఆగదు, ఆ పిల్ల గోరు దాకా పోతుంది. చిన్నాయన చేలో పదిహేనేళ్ళ లోపు పిల్లలెవరూ లేరు. దాని మీద పిన్నికీ ఆయనకూ పెద్ద రచ్చే జరిగింది. తొమ్మిది మంది పెద్ద ఆడవాళ్ళనే పెట్టుకున్నారు, అందుకే ఖర్చు ఎక్కువైంది.

కంపెనీకీ రైతుకూ మధ్య ఆర్గనైజర్ ఉంటాడు. మూలవిత్తనం తెచ్చేది, పెట్టుబడికి అడ్వాన్సు ఇచ్చేది, సరుకు తూకం వేసుకునేది అతనే. మా ఊరికొచ్చిన ఆర్గనైజర్ పక్క ఊరి పెద్ద కులం ఆసామి. పేరు ఇక్కడ అనవసరం, కంపెనీ పేరూ అనవసరం. వాళ్ళిచ్చిన అగ్రిమెంటు రెండు పేజీల ఇంగ్లీషు. చివర చిన్నాయన తెలుగు సంతకం. రేటు రాయాల్సిన చోట ఖాళీ. ఆ రేటు ఆర్గనైజర్ చీటీ పుస్తకంలో నీలం పెన్నుతో ఉంది: 750 గ్రాముల ప్యాకెట్టుకు 420 రూపాయలు, కింద అతని పొట్టి సంతకం. ఆ చీటీని పిన్ని రేషన్ కార్డు కవర్లో దాచిపెట్టింది. మొత్తం వ్యవహారంలో మమ్మల్ని నిలబెట్టింది ఆ చీటీయే.

నేను లా చదవలేదు. తెలుగు సాహిత్యంలో పిహెచ్‌డి చేసినవాణ్ణి. కైఫీయతుల్లో ఏ గ్రామం ఎవరికి మాన్యంగా పోయిందో, ఏ మాట వెనక ఏ హక్కు దాక్కుందో చూసే అలవాటు మాత్రం ఉంది. ఆ అలవాటుతోనే రెండు పేజీలూ చదివాను. అందులో మాకు పనికొచ్చే వాక్యాలు రెండే. సరుకు అందిన ముప్ఫై రోజుల్లో సగం డబ్బు ఇస్తారు. మిగతా సగం, అడ్వాన్సు పోగా, పరీక్ష ఫలితం వచ్చాక ఇస్తారు. పరీక్ష అంటే ఆ విత్తనాన్ని మళ్ళీ నాటి, మొక్కలు పెరిగాక కల్తీ ఎంతుందో లెక్కపెట్టడం. దానికి నెలలు పడుతుంది. అది ఫెయిలైతే లాటు మొత్తం తిరిగొస్తుంది. పరీక్ష వాళ్ళది, ఫలితం చెప్పేదీ వాళ్ళే. అయినా మొదటి సగానికీ పరీక్షకూ సంబంధం లేదని వాళ్ళ కాగితమే చెబుతోంది.

లెక్క ఇట్లా తేలింది. డిసెంబర్ 5న 180 ప్యాకెట్లు, జనవరి 8న 140 ప్యాకెట్లు పోశాడు. మొత్తం 320. చీటీ రేటున 1,34,400 రూపాయలు. ఫిబ్రవరి 7 నాటికి అందులో సగం, 67,200, చేతికి రావాలి. సున్నా వచ్చింది. అడ్వాన్సు 60,000 చివర్లో పోతుంది కాబట్టి, అంతా అయ్యాక మిగిలేది 74,400.

ఆర్గనైజర్ నోట లెక్క వేరు. రేటు 360 అట, కంపెనీ తగ్గించిందట. అడ్వాన్సుకు నూటికి రెండు వడ్డీ, ఏడు నెలలకు 8,400. అతని ప్రకారం మిగిలేది 46,800, అదీ పరీక్ష పాసయ్యాకే. వడ్డీ మాట అగ్రిమెంటులో ఎక్కడా లేదు. తేడా 27,600. చిన్నాయన అప్పటికి క్రాసింగ్ కూలీలకు ఇవ్వాల్సింది 28,000. ఇంచుమించు అంతే మొత్తం. ఇది నేను కల్పించిన పోలిక కాదు, పిన్ని నోటుబుక్కులో రెండూ పక్కపక్క పేజీల్లో ఉన్నాయి.

ఇప్పుడు మూడో తీత. ఇంట్లో గింజ తీయని పత్తి తొంభై కిలోలు ఉంది. ఇవ్వకుండా ఆపొచ్చా?

చట్టంలో మన పని జరిగేది రెండు పాత పుస్తకాల్లో. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 1930 నాటి వస్తువుల అమ్మకం చట్టం. కొంతమంది విద్యార్థులు ఆర్డీవో దగ్గరికి పొమ్మన్నారు. 2020లో కేంద్రం తెచ్చిన కాంట్రాక్టు సేద్యం చట్టంలో ఆ దారి ఉండింది, నిజమే. ఆ చట్టం 2021 చివర్లో మిగతా రెండింటితో పాటు రద్దయింది. మన రాష్ట్రం 2005లో మార్కెట్ల చట్టాన్ని సవరించి కాంట్రాక్టు సేద్యానికి చోటిచ్చింది. ఒప్పందాన్ని మార్కెట్ కమిటీ దగ్గర నమోదు చేయించాల్సింది కొనేవాడు. మా కాగితం నమోదు కాలేదు. అందువల్ల బ్రిటిష్ కాలపు సెక్షన్లే దిక్కయ్యాయి.

1930 చట్టంలో 38వ సెక్షన్ సరిగ్గా మా ఇంటి సంగతి మాట్లాడుతుంది. సరుకు విడతలుగా ఇచ్చి, ఏ విడతకా విడత డబ్బు తీసుకునే ఒప్పందంలో, కొనేవాడు ఒకటి రెండు విడతలకు డబ్బు ఇవ్వకపోతే ఒప్పందం మొత్తం తిరస్కరించినట్టా, లేక ఆ విడత బాకీ మాత్రమేనా? చట్టం దీనికి అవుననీ కాదనీ చెప్పదు. ఒప్పందంలో ఏముందో, పరిస్థితి ఏమిటో చూసి తేల్చమంటుంది. పైగా వేరేగా రాసుకోకపోతే డబ్బు కట్టే గడువును ఒప్పందానికి ప్రాణంగా చూడకూడదని 11వ సెక్షన్ అంటుంది. అంటే నెల ఆలస్యమైందని మూడో తీత ఆపేస్తే కోర్టులో మన మాట నిలబడకపోవచ్చు. "వాళ్ళు ఆలస్యం చేశారు, నువ్వు తప్పావు" అంటారు. ఎగవేత ఎప్పుడూ ఆలస్యం వేషంలోనే వస్తుంది. దానికా సౌకర్యం చట్టంలోనే ఉంది.

కాంట్రాక్టు చట్టం 39వ సెక్షన్ ఇంకొంచెం దారి చూపుతుంది. ఎదుటివాడు తన మాట మొత్తంగా నెరవేర్చనని నిరాకరిస్తే రెండోవాడు ఒప్పందానికి ముగింపు పలకవచ్చు. దాని చివర ఒక మెలిక ఉంది. ఆ నిరాకరణ తర్వాత కూడా, మాటతో గానీ చేతతో గానీ, ఒప్పందం కొనసాగడానికి సమ్మతి చూపించి ఉంటే ఆ హక్కు పోతుంది. 360 అని చెప్పించుకున్నాక నోరు మూసుకుని మూడో తీత పోస్తే అది సమ్మతి లాగే కనబడుతుంది. మన వాళ్ళు చేసేది ఎక్కువగా అదే. "ఉన్నదన్నా ఇస్తాడులే" అని పోస్తారు.

కాబట్టి రెండు నోటీసులు రాశాం. మొదటిది ఫిబ్రవరి 13న, తెలుగులో. ఆర్గనైజర్‌కి ఒకటి, కంపెనీకి ఒకటి, రిజిస్టర్డ్ పోస్టులో, అందినట్టు తిరుగు కార్డుతో. కంపెనీకి ఎందుకంటే, "రైతుతో మాకేం లేదు, అంతా ఆర్గనైజరే" అనడం వాళ్ళకు అలవాటు. మూలవిత్తనం సంచి మీద కంపెనీ లాటు నంబరు ఉంది. కల్తీ మొక్కలు పీకించడానికి చేలోకొచ్చింది కంపెనీ మనిషి, అతనితో చిన్నాయన దిగిన ఫోటో ఉంది. ఆర్గనైజర్ వాళ్ళ తరఫు మనిషే అని చెప్పుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి.

ఆ నోటీసులో రద్దు అనే మాటే లేదు. ఏ తేదీన ఎన్ని ప్యాకెట్లు పోశాడో, ఎంత రావాలో, ఎప్పటికి రావాలో ఉంది. మూడో తీత సిద్ధంగా ఉందని, 420 రేటును రాతపూర్వకంగా ఒప్పుకుని 67,200 కడితే తూకం వేసి ఇస్తామని ఉంది. గడువు పదిహేను రోజులు. మేం తప్పడం లేదు, మేం సిద్ధం అని మనమే కాగితం మీద పెట్టుకోవాలి. గడువు లేని ఒప్పందానికి గడువు పుట్టించేదీ ఆ కాగితమే.

ఆర్గనైజర్ ఊగిపోయాడు. ఇంటి ముందుకొచ్చి "మీకు నోటీసులు రాసే రోజులొచ్చినాయా" అన్నాడు. ఆ "మీకు" ఎవరికో వాడలో అందరికీ తెలుసు. ఫిబ్రవరి 20న వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టాడు: రేటు 360యే, ఇష్టముంటే మూడోది తెచ్చి పొయ్యి, లేకుంటే ముందు రెంటికీ లెక్క ఉండదు. చిన్నాయన ఆ రాత్రి భయపడ్డాడు. నాకు మాత్రం ధైర్యం వచ్చింది. ఆలస్యం అని చెప్పుకునే వీలును అతనే చెరిపేసుకున్నాడు. ఒప్పుకున్న ధర ఇవ్వననీ, పాత బాకీ కూడా ఇవ్వననీ రాసిచ్చాడు. నిరాకరణ అంటే అదే. ఆ ఫోన్ మార్చొద్దని, ఏమీ తుడిచేయొద్దని తమ్ముడికి చెప్పాను.

రెండో నోటీసు మార్చి 3న వెళ్ళింది. రద్దు చేసేది ఇదే. దీన్ని రాయడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. దేన్ని ముగిస్తున్నామో, దేన్ని ముగించడం లేదో వేరువేరుగా చెప్పాలి కాబట్టి. ముగిసింది మూడో తీత, వచ్చే ఏటి సాగు. ముగియనిది ఇదివరకే పోసిన 320 ప్యాకెట్ల డబ్బు. అది ఇక ఒప్పందం కాదు, బాకీ. "ఒప్పందం రద్దయింది" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే, ఐతే ఆ ధర కూడా రద్దేగా అని వాదిస్తారు. అడ్వాన్సు సంగతి మనమే ముందు ఎత్తాలి. ఒప్పందం రద్దు చేసినవాడు తాను పొందిన లాభం తిరిగివ్వాలని చట్టం అంటుంది. అందుకే 60,000 రావాల్సిన దాంట్లో తీసుకోమని రాశాం. మిగిలిన మూలవిత్తనం అరసంచి వాపసు తీసుకోమని రాశాం. కాగితంలో లేని వడ్డీని ఒప్పుకోమని రాశాం.

ఇంకో రెండు వాపసు అడిగాం. ఒకటి, జూన్‌లో చిన్నాయన సంతకం పెట్టిచ్చిన ఖాళీ ప్రాంసరీ నోటు. రెండు, డీ పట్టా అసలు కాగితం. దాన్ని హామీగా ఆర్గనైజర్ బీరువాలో పెట్టుకున్నాడు. 1977 అసైన్డ్ భూముల చట్టం ప్రకారం అట్లాంటి భూమిని ప్రైవేటు మనిషికి తాకట్టు పెట్టడం, కౌలుకివ్వడం అప్పటికి చెల్లేది కాదు. చెల్లని తాకట్టే అయినా, కాగితం అవతలి వాడి బీరువాలో ఉన్నన్నాళ్ళూ చిన్నాయన గొంతు పైకి లేవలేదు. విత్తనపత్తి ఊళ్ళలో రైతు నోరు మూయించేది అగ్రిమెంటు కాదు, ఈ రెండు కాగితాలే అని నా అనుమానం.

మూడో తీతను ఏం చేయాలి? మామూలు సరుకైతే నోటీసు ఇచ్చి వేరేవాళ్ళకు అమ్ముకోవచ్చు. ఇది కంపెనీ సొంత రకాల సంకరం. గింజ తీసి విత్తనంగా ఇంకొకరికి అమ్మితే దొంగతనం కేసు మన మీదికి తిరుగుతుంది. అట్లా కొనడానికి వచ్చేవాళ్ళు ఉన్నారు, వచ్చారు కూడా. చిన్నాయన ఒప్పుకోలేదు. తొంభై కిలోలనూ మామూలు పత్తిగా, క్వింటాలు ఏడు వేల లెక్కన ప్రొద్దుటూరు వైపు జిన్నింగ్ మిల్లుకు తోలాడు. అక్కడ గింజ నూనెకు పోతుంది. వచ్చింది 6,300. అదే పత్తి ఒప్పందం ప్రకారం పోయి ఉంటే అరవై కిలోల విత్తనం, 80 ప్యాకెట్లు, 33,600, దూది అదనం. ఒప్పందం నుంచి బయటికి రావడానికి ఆయన కట్టిన వెల ముప్ఫై వేల దాకా ఉంది. మిల్లు రసీదు భద్రంగా పెట్టాం. న్యాయంగా రద్దు చేసుకున్నవాడికి నష్టపరిహారం అడిగే హక్కు 75వ సెక్షన్ ఇస్తుంది, ఆ నష్టం ఎంతో చూపించేది ఆ రసీదు.

ఈలోగా పరీక్షలో లాటు పోయిందన్న పుకారు లేచింది. అది నిజమైతే ఇంకో ప్రశ్న వస్తుంది: మూలవిత్తనమే సరిగా లేదేమో? మన ఆంధ్ర రైతులు నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద వేసిన కేసుల్లో, మధుసూదన్ రెడ్డి కేసుగా పేరుపడిన 2012 తీర్పులో, సుప్రీంకోర్టు విత్తనం పండించి సంస్థకే తిరిగిచ్చే రైతు కూడా వినియోగదారుడేనని చెప్పింది. ఒప్పందంలో మధ్యవర్తిత్వం షరతు ఉన్నా వినియోగదారుల ఫోరానికి పోవచ్చని కూడా చెప్పింది. మాకు అంతవరకు అవసరం పడలేదు, లాటు పాసయింది.

కోర్టు ఖర్చు గురించి అందరూ భయపెట్టారు. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయవాది దొరుకుతాడు. కులధ్రువీకరణ పత్రం ఉంటే చాలు. స్కాలర్‌షిప్ ఫారాలకు కులపత్రం జిరాక్సులు తీయించిన మన విద్యార్థులకు ఈ వాడకం తెలియదు. జమ్మలమడుగు కోర్టు ఆవరణలోని న్యాయసేవల కమిటీలో దరఖాస్తు పెట్టాం. దావా వేయకముందే రాజీకి పిలిచారు. కంపెనీ మనిషి ఒకరు వచ్చారు. రెండు నోటీసుల తిరుగు కార్డులు, చీటీ, మెసేజ్ బల్ల మీద పెట్టాక రేటు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

లోక్ అదాలత్‌లో రాజీ 74,400కు కుదిరింది, రెండు విడతల్లో. వడ్డీ పోయింది. ప్రాంసరీ నోటు, పట్టా చేతికొచ్చాయి. మూడో తీత నష్టాన్ని మాత్రం చిన్నాయన వదులుకున్నాడు. నాకు నచ్చలేదు. అదాలత్ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, కాబట్టి వదిలింది వదిలినట్టే. దావా వేసి ఉంటే ఆ ముప్ఫై వేలకూ పోరాడొచ్చు. ఆయన అన్నది ఒకటే మాట: "నాయనా, నువ్వు కేసు చూస్తాండావు, నేను కూలోళ్ళ మొకం చూడాల." దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇదంతా ఒక్క రైతు, ఒక్క చీటీ. 2008లో ఆర్మూరు ప్రాంతంలో ఎర్రజొన్న విత్తనం పండించిన వేలమందికి వ్యాపారి నుంచి చెప్పిన డబ్బు రాక, రోడ్డెక్కితే పోలీసు కాల్పుల దాకా పోయింది. ఆ బకాయిలు తీరింది ఏళ్ళ తర్వాత, తెలంగాణ వచ్చాక, ప్రభుత్వ ఖజానాలోంచి. అంటే ఎగ్గొట్టినవాడి బాకీని జనమే కట్టారు. పోరాటం వల్లే ఆ డబ్బు వచ్చిందన్నది కాదనను. ఊళ్ళలో పనిచేసే మిత్రులకు మాత్రం ఒక పని చెబుతాను. ధర్నా నాటికి ప్రతి రైతు చేతిలో తేదీ, తూకం, రేటు, అవతలివాడి సంతకం ఉన్న చీటీ ఉందా లేదా అని ఇల్లిల్లూ తిరిగి చూడండి. అమ్మిన సరుకు బాకీకి దావా గడువు మూడేళ్ళు. అవతలివాడు బాకీ ఉన్నానని ఆ గడువు లోపల రాసి సంతకం చేస్తే మళ్ళీ అక్కణ్ణుంచి మూడేళ్ళు. "వచ్చే సీజన్‌లో సర్దుతా" అని నోటిమాటతో నాలుగో ఏడు దాకా లాగడం వాళ్ళకు బాగా తెలిసిన విద్య.

మొదటి విడత 37,200 అందిన రోజు పిన్ని నోటుబుక్కు తీసింది. తొమ్మిది మందికీ కలిపి 28,000 పంచింది. ఒకామె కాన్పుకని పుట్టింటికి సింహాద్రిపురం వైపు వెళ్ళిపోయింది. ఆమె వాటా పిన్ని బస్సెక్కి పోయి ఇచ్చొచ్చింది. ఆ ఏడు కాలువ కింద చిన్నాయన శనగ వేశాడు. ఆర్గనైజర్ ఆ జూన్‌లో పెన్న అవతలి ఊళ్ళకు మారాడు. అక్కడి కొత్త అగ్రిమెంటు కాపీ ఒకటి నా దగ్గరికొచ్చింది. రేటు దగ్గర ఈసారి ఖాళీ లేదు. "సరుకు అందిన నాటికి కంపెనీ నిర్ణయించిన ధర" అని అచ్చువేశారు. చీటీ పుస్తకం ఇవ్వడం మానేశారట.